సడ్డకుడి గోడ మీది కాగితం

నా సడ్డకుడి షాపులో అప్‌డేట్ గంటలోపే అయిపోయిందన్న సంగతి నాకు మొదట మా అత్తమ్మ చెప్పింది. అప్‌డేట్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. కోహీర్‌లో వాళ్లింటి వసారాలో కూర్చుని జామపండ్లు సంచిలో పోస్తూ, చిన్నల్లుడి దగ్గర అదేదో గంటలో అయిపోతుందట, నీ దగ్గర రెండు రోజులు పడుతుందట, ఎందుకలా అని అడిగింది. పాపం, ఆమె మనసులో ఏమీ లేదు. జ్వరం ఎందుకు తగ్గలేదని అడిగినట్టే అడిగింది. నాకు మాత్రం ఒళ్లంతా మండింది. ఆ రోజు పండ్ల సంచి అక్కడే మరిచిపోయి వచ్చాను. నిజానికి మరిచిపోలేదు, కావాలనే వదిలేశాను.

సడ్డకుడు అంటే నా భార్య చెల్లెలి భర్త. నాకన్నా ఆరేళ్లు చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. జహీరాబాద్‌లో బస్టాండు వెనక సందులో, మేడ మీద, ఎనిమిది కంప్యూటర్లతో నేను గేమింగ్ షాపు పెట్టిన కొన్నేళ్లకు అతను హైవే పక్కన తనది పెట్టాడు, అదీ ఎనిమిది కంప్యూటర్లతోనే. కింద షాపు, పైన ఇల్లు. పెట్టే ముందు నా దగ్గరికొచ్చి, మీకు ఇబ్బంది లేదు కదా అని అడిగాడు కూడా. ఊరు పెద్దది, ఎవరి గిరాకీ వాళ్లది అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు నవ్వడానికి నేను పడ్డ కష్టం నాకే తెలుసు.

ఈ వ్యాపారం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కంపెనీవాళ్లు ఉన్నట్టుండి ఆటకు అప్‌డేట్ వదులుతారు. అది ఎక్కేదాకా ఆట లోపలికి రానివ్వదు. మా షాపులో ఎక్కువగా ఆడే ఆటకు ఒక్కోసారి పాతిక జీబీ దాకా వచ్చేది. అలాంటి రోజున ఎవరి షాపులో ముందు పూర్తయితే గిరాకీ వాళ్లకే. మిగతావాడు తెర మీద కదలని శాతాన్ని చూస్తూ, వచ్చినవాళ్లకు ఇంకో గంట, ఇంకో గంట అని చెబుతూ కూర్చోవాలి. ఆ మిగతావాడిని ప్రతిసారీ నేనే.

అతని నెట్ లైను నాకన్నా వేగమైనదేమీ కాదు. వేరే కంపెనీది, అంతే. ఇద్దరిదీ వంద ఎంబీపీఎస్ వేగమే. అది తెలిశాక నా కడుపుమంట ఇంకా పెరిగింది. లైను పెద్దదైతే డబ్బు పెట్టాడులే అని సరిపెట్టుకునేవాణ్ని. అదే వంద, అదే ఆట, అదే ఊరు. అతనికి ఎలా అవుతుంది, నాకెందుకు కాదు? వెళ్లి అడిగితే చెప్పేవాడే. అడగడానికే నాకు నోరు రాలేదు. ఈ ఊళ్లో మొదటి షాపు నాది. నిన్నగాక మొన్న వచ్చినవాడి ముందు నిలబడి, తమ్మీ, ఇది ఎలా చేస్తున్నావు అని అడగడం నా వల్ల కాలేదు.

అందుకని నా భార్యను పంపాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. వాళ్ల పాప పుట్టినరోజుకు అందరం వెళ్లాల్సింది. గిరాకీ ఉందని నేను ఆగిపోయి, ఆమెకు పని అప్పజెప్పాను. షాపులో రౌటర్ పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకురమ్మన్నాను. ఒకసారి బయటి నుంచి నేనే చూశాను ఆ కాగితాన్ని. అతని కిటుకు దాని మీదే ఉంటుందనిపించింది, కాని చదవడానికి వీలు కాలేదు. అతని రాత గుండ్రంగా, అందంగా ఉంటుంది. అదీ నాకు కంటగింపే.

“అడుగుతె చెప్తడు గద, దొంగల లెక్క ఎందుకు?” అంది నా భార్య.

అయినా వెళ్లి తెమ్మన్నాను. ఆమె కేకు ముక్కతో పాటు ఫోటో కూడా తెచ్చింది. కాగితం మీద రెండు డీఎన్ఎస్ నంబర్లు, అంటే నెట్‌లో ఏది ఎక్కడుందో చెప్పే సర్వర్ల నంబర్లు, కింద ఆటను ఏ ఊరి నుంచి దించుకోవాలో చెప్పే డౌన్‌లోడ్ రీజియన్ ముంబై అని ఉన్నాయి. నాకు నిధి దొరికినట్టయింది. రౌటర్ పేజీ తెరిచి మొదటి నంబరు మొదటి గడిలో కొట్టాను. రెండో గడిలో ఎప్పటినుంచో నేను వాడుతున్న, అందరికీ పనిచేసే నంబరు ఉంది. అది ఉండనీ, ఎందుకైనా మంచిదని వదిలేశాను. ఆట దించే లాంచర్‌లో ఎనిమిది కంప్యూటర్లకూ రీజియన్ హైదరాబాద్ తీసేసి ముంబై పెట్టాను. ఇక రానీ అప్‌డేట్‌ను అనుకున్నాను.

వచ్చింది. అదీ శుక్రవారం, ఎప్పటికన్నా పెద్దది. సరిగ్గా మా జట్టుకు ఆదివారం పోటీ ఉన్నప్పుడు.

మా జట్టు అంటే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే అయిదుగురు. మొదటి షిఫ్టు దిగి నేరుగా నా షాపుకు వచ్చేవాళ్లు. మూడేళ్లుగా అంతే. వాళ్ల కెప్టెన్ వెల్డరు, భారీ మనిషి. మా పాత కుర్చీ ఒకటి అతని బరువుకే పక్కకు ఒరిగింది. అయినా నేను దాన్ని మార్చలేదు, అది అతని కుర్చీ కాబట్టి. ఆదివారం పగలు పన్నెండు గంటలకు వాళ్లకు ఆన్‌లైన్‌లో పోటీ. గెలిస్తే రాష్ట్రస్థాయికి వెళతారు. శనివారం షిఫ్టు దిగి వచ్చి కొత్త అప్‌డేట్ మీద సాధన చేయాలి. శుక్రవారమే కెప్టెన్ వచ్చి మొహమాటం లేకుండా చెప్పాడు.

“రేపు మూడింటి వరకు గాకుంటె మేం హైవే మీది కొత్త షాపుకు పోతమన్నా. ఏమనుకోకు. ఆడ జల్ది అయితదంట.”

కొత్త షాపు ఎవరిదో వాళ్లకు తెలియదు. అది నా సడ్డకుడిదని నేను ఏనాడూ వాళ్లకు చెప్పలేదు. ఒకసారి వెళ్లారంటే మళ్లీ రారని నాకు తెలుసు. అక్కడ కుర్చీలు కొత్తవి, ఏసీ ఉంది, పైనుంచి మా మరదలు పంపే చాయ్ ఉంది. మిగతా గిరాకీ పోతే పోయిందనుకునేవాణ్ని. ఆ అయిదుగురూ పోతే నా షాపులో ఇక షాపు అన్నది ఉండదు.

ఎనిమిది కంప్యూటర్లలోనూ ఒకేసారి అప్‌డేట్ మొదలుపెట్టి వెళ్లాను. శనివారం పొద్దున షాపు తెరిచేసరికి ఒక దాంట్లో పదకొండు శాతం, ఒక దాంట్లో తొమ్మిది. పాత హార్డ్‌డిస్కులున్న రెండిట్లో నాలుగు. తెర మీద వేగం చూపే గీత కాస్త లేవడం, సున్నాకు పడిపోవడం, మళ్లీ లేవడం. నెట్ కంపెనీకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అవతలి మనిషి స్పీడు టెస్టు చేయమన్నాడు. చేస్తే నిండా వంద చూపించింది. లైను బాగానే ఉంది సార్ అని పెట్టేశాడు. రౌటర్ ఆపి ఆన్ చేశాను. మళ్లీ ఆపి ఆన్ చేశాను. అంతసేపూ హైవే పక్కన అతని షాపులో ఎనిమిది తెరలూ సిద్ధంగా ఉండి ఉంటాయని, అతను చాయ్ తాగుతూ ఉంటాడని, నా కళ్ల ముందు అదే బొమ్మ. నా పని కాకపోవడం కన్నా అతని పని అయి ఉంటుందన్నదే నన్ను ఎక్కువ తినేసింది.

పదకొండు గంటలకు నా భార్య ఫోన్ చేసింది. నా గొంతు వినగానే సంగతి అర్థమై పెట్టేసింది. తర్వాత ఆమె చెల్లెలికి ఫోన్ చేసిందని నాకు తెలియదు. పన్నెండు దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చూస్తే సడ్డకుడు. భుజానికి సంచి.

“వదిన చెప్పింది అన్నా. జర చూడనా?” అన్నాడు.

వద్దనడానికి గడియారం ఒప్పుకోలేదు. తల ఊపాను.

అతను కంప్యూటర్లను ముట్టుకోలేదు. ముందు రౌటర్ పేజీ తెరవమన్నాడు. తెరిచాను. డీఎన్ఎస్ గడులు చూసి అతని చేయి మౌసు మీద ఆగిపోయింది. తన గోడ మీద తన చేత్తో రాసుకున్న నంబరది. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? నేను కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ నిలబడ్డాను. నా చెవులు కాలిపోతున్నాయి. ఎక్కడిదని అడుగుతాడు, ఫోన్‌లో ఎక్కడో చూశానని చెబుదామని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. అతను అడగలేదు.

“గిది మా లైనోళ్ల నంబరు అన్నా. బయటి లైనోళ్లు అడిగితె జవాబియ్యది,” అన్నాడు తెర వైపే చూస్తూ.

తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఆట ముక్కలు ముక్కలుగా దిగుతుంది. ఆ ముక్కలున్న చోటు ఎక్కడో అడిగి తెలుసుకునేది డీఎన్ఎస్ ద్వారానే. నా రౌటర్ ప్రతిసారీ ముందు అతని కంపెనీ వాళ్లను అడిగి, వాళ్లు పలకక, కాసేపు ఎదురుచూసి, అప్పుడు రెండో నంబరును అడుగుతోంది. రెండోది పలుకుతుంది కాబట్టి పని పూర్తిగా ఆగలేదు, ఈడుస్తోంది. స్పీడు టెస్టు ఒక్కసారి చోటు కనుక్కుంటే చాలు, అందుకే దాంట్లో ఏ లోపమూ కనిపించలేదు. ఇక ముంబై అతని కంపెనీకి దగ్గరి దారి. నా కంపెనీకి హైదరాబాదే దగ్గర. నేను పక్కనున్నది వదిలేసి దూరానికి పంపాను. అతను ఇదంతా ఎవరో మూడో మనిషి చేసిన పొరపాటు గురించి చెబుతున్నట్టే చెప్పాడు. నంబరు ఎక్కడిదన్న మాట ఎత్తకుండా అంతా చెప్పడం అంత సులువు కాదు. అతనికి అదీ చేతనైంది. అప్పుడు కూడా నాకు కృతజ్ఞత కలగలేదు. ఇంత మర్యాద ఎక్కడ నేర్చుకున్నాడని ఒళ్లు మండింది.

నంబర్లు చెరిపేసి, కంపెనీ ఇచ్చేవే వాటంతటవి వచ్చేలా పెట్టాడు. రీజియన్ హైదరాబాద్ చేశాడు. ఏడు కంప్యూటర్లలో డౌన్‌లోడ్ ఆపేసి ఒక్కదాంట్లోనే నడవనిచ్చాడు. గీత ఒక్కసారిగా లేచి, పైనే నిలబడింది. ఇన్నేళ్లలో నేను నా షాపులో అలాంటి గీత చూడలేదు.

“అన్నిట్ల ఒక్కసారే పెడితె లైను ఎనిమిది పాళ్లయితది,” అన్నాడు. “ఒక్కదాంట్ల దించి, దాంట్లకెల్లి మిగతావాటికి ఇచ్చుకోవాలె.”

అదీ అతని రహస్యం. కాగితం మీద లేనిది. లాంచర్‌లోనే ఆ వీలు ఉంది. ఒక కంప్యూటర్‌లో అప్‌డేట్ దిగితే, షాపులో ఉన్న మిగతావి ఇంటర్నెట్‌కు వెళ్లకుండా దాని దగ్గరి నుంచే తీసుకుంటాయి. రోజూ నా కళ్ల ముందున్న సెట్టింగే. నేను దాన్ని ఎన్నడూ నొక్కి చూడలేదు.

కాని నా దగ్గర అదీ వేగంగా జరగదట. కంప్యూటర్ల తీగలన్నీ కలిసే పెట్టె, మేము స్విచ్ అంటాం, నాది పాతది. షాపు లోపలి వేగాన్ని కూడా ఆ వందకే కట్టేస్తుంది. అప్పుడు అతను సంచి విప్పాడు. లోపల ఒక స్విచ్ ఉంది. కొత్తదనుకున్నాను. తిప్పి చూస్తే కింద గోడకు కొట్టిన మేకుల గుర్తులు, వాడిన దుమ్ము. తన షాపులోది విప్పుకొచ్చాడు. అంటే అతని ఎనిమిది కంప్యూటర్లకూ ఇప్పుడు నెట్ లేదు. శనివారం మధ్యాహ్నం, అప్‌డేట్ వచ్చిన మర్నాడు, గిరాకీ దండిగా ఉండే పూట అతను షాపు మూసేసి వచ్చాడు.

మూసినవా అని అడిగాను. అతను బల్ల కిందికి దూరి తీగలు మారుస్తూ, గంటసేపే కదన్నా అన్నాడు.

మొదటి కంప్యూటర్ రెండున్నరకల్లా పూర్తయింది. దానిపక్క వాటికి పంచడం మొదలైంది. పాత హార్డ్‌డిస్కులున్న రెండిట్లో మళ్లీ గీత సున్నాకు పడింది. మళ్లీ ఆగిపోయిందనుకున్నాను. అది ఆగడం కాదని అతను చూపించాడు. వచ్చినదాన్ని విప్పి డిస్కులో సర్దుకుంటోంది, నెట్ గీత పడినా డిస్కు గీత నూరు శాతం దగ్గరుంది. ఒక దాంట్లో సర్దుకోవడానికి చోటు కూడా చాలడం లేదు. ఎవరూ ఆడని పాత ఆట ఒకటి తీసేయమన్నాడు. తీసేశాను. ఇన్నాళ్లూ నేను నెట్‌ను తిట్టిన తిట్లలో సగం ఆ డిస్కులకు తగలాల్సినవి.

మూడు కొట్టేసరికి అయిదుగురూ మెట్లెక్కి వచ్చారు. ఫ్యాక్టరీ బట్టల్లోనే ఉన్నారు. మూడు తెరలు సిద్ధంగా ఉండటం చూసి కెప్టెన్ మొహం విప్పారింది. వాళ్లకు కావాల్సిన మిగతా రెండూ ఇంకాసేపట్లో అయిపోతాయని గర్వంగా చెప్పాను. నేనే చేసినట్టు చెప్పాను.

అప్పుడు కెప్టెన్ కళ్లు, స్విచ్ బిగించడానికి మళ్లీ బల్ల కిందికి దూరిన మనిషి మీద పడ్డాయి. రెండు కాళ్లు, ఒక స్క్రూడ్రైవరు మాత్రం కనిపిస్తున్నాయి.

“ఎవలన్నా గాయన?” అని అడిగాడు.

మా సడ్డకుడు అనాలి. మా తమ్ముడు అన్నా చాలు. కాని ఆ మాట వెనకే రెండో మాట వస్తుంది. ఏం చేస్తడు అంటారు. షాపు ఉంది అనాలి. ఎక్కడ అంటారు. హైవే మీద. ఓహో, గాయనదేనా అంటారు. నా షాపును బాగుచేసింది ఆ షాపువాడే అని తెలిశాక ఈ అయిదుగురూ సోమవారం నుంచి ఏ మెట్లెక్కుతారు? ఇదంతా నా బుర్రలో ఎంతసేపు తిరిగిందో తెలియదు. కెప్టెన్ ఇంకా నా మొహమే చూస్తున్నాడు.

“లైన్ మనిషి. కంపెనోళ్లు పంపిన్రు,” అన్నాను.

బల్ల కింద స్క్రూడ్రైవరు ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ తిరిగింది.

అయిదుగురూ కుర్చీల్లో సర్దుకున్నారు. కెప్టెన్ తన ఒరిగిన కుర్చీలో కూలబడ్డాడు. ఒకతను బల్ల వైపు వంగి, బాగ చేసినవ్ భాయ్ అని అతనికే చెప్పాడు. అతను బయటికొచ్చి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. చొక్కా మీద సాలెగూడు అంటుకుని ఉంది. నేను వెళ్లి తీసేయాల్సింది. లైన్ మనిషి చొక్కా మీది సాలెగూడు షాపువాడు ఎందుకు తీస్తాడని ఆగిపోయాను. చాయ్ చెప్పాలన్నా అదే ఆలోచన. కూర్చోమనాలన్నా అదే.

అతను సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. నా కళ్లలోకి చూడలేదు. అలాగని తప్పించుకున్నట్టూ లేదు. పని ముగించినవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు.

“రెండిట్ల ఇంక కాపీ నడుస్తుంది సార్. అయ్యేదాక స్విచ్ తీయకున్రి. రేపు వచ్చి తీస్కపోత. ఏమన్నుంటె ఫోన్ చెయ్యిన్రి సార్.”

రెండుసార్లు సార్ అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి అన్నా తప్ప మరో మాట అనని మనిషి. నేను సరే అన్నాను. అతను మెట్లు దిగుతుంటే కిటికీ దగ్గరికి వెళ్లాను. బండి తీసి, హెల్మెట్ పెట్టుకుని, మూసిన తన షాపు వైపు వెళ్లిపోయాడు.

వెనకనుంచి కెప్టెన్ పిలిచాడు. మంచి పనోడున్నడన్నా, మా క్వార్టర్స్‌ల నెట్ కూడ గిట్లనే సతాయిస్తుంది, జర ఆయన నంబరియ్యి అన్నాడు. నా దగ్గర లేదన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే బల్ల మీద ఫోన్ మోగింది. నా భార్య.

“పప్పు, బగారన్నం వండి పెట్టిన,” అంది. “మా మరిదిని తోలుకొని ఇంటికి రా. పొద్దుగాలకెల్లి ఏం తినలేదంట, నా చెల్లె చెప్పింది. ఉన్నడా?”

అయిదుగురూ హెడ్‌ఫోన్లు ఇంకా పెట్టుకోలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఎవరి గురించి అడుగుతోందో నాకు అర్థం కానట్టు, తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను.